స్టార్ వార్స్ ఏ వరుసలో చూడాలి?

స్టార్ వార్స్ కొత్తగా చూడాలనుకునేవాళ్లకి మొదటి చిక్కు నంబర్ల దగ్గరే వస్తుంది. 1977లో విడుదలైన తొలి సినిమా ఇప్పుడు నాలుగో భాగం. 1980, 1983లలో వచ్చినవి అయిదు, ఆరు. ఒకటి, రెండు, మూడు భాగాలు ఆ తర్వాత ఎప్పుడో 1999, 2002, 2005లలో వచ్చాయి. వాటిలో ఉన్నది తొలి సినిమాకి ముందు జరిగిన కథ. మరి ఒకటి నుంచి మొదలుపెట్టాలా, నాలుగు నుంచా?

మొదటిసారి చూసేవాళ్లు విడుదలైన వరుసలోనే చూడాలని నా గట్టి అభిప్రాయం. పాతవాటి మీద అభిమానంతో చెప్పడం లేదు. ప్రేక్షకుడికి ఏ సంగతి ఎప్పుడు తెలియాలో లెక్క వేసుకునే ఆ సినిమాలు తీశారు.

1977 సినిమాలో ల్యూక్ అనే కుర్రాడికి ఓబీవాన్ అనే పెద్దాయన ఒక మాట చెబుతాడు: మీ నాన్నను డార్త్ వేడర్ చంపేశాడని. ల్యూక్ నమ్ముతాడు, మనమూ నమ్ముతాం. 1980లో వచ్చిన ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ చివర్లో, చెయ్యి తెగిన ల్యూక్‌తో వేడరే చెబుతాడు, నీ తండ్రిని నేనేనని. ఈ గుట్టు బయటికి పొక్కకుండా చిత్రబృందం ఎంత జాగ్రత్త పడిందంటే, వేడర్ వేషం వేసిన డేవిడ్ ప్రౌజ్ షూటింగులో వేరే డైలాగు చెప్పాడు. అసలు మాట తర్వాత జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతుతో చేరింది. ల్యూక్‌గా నటించిన మార్క్ హామిల్‌కి ఆ సంగతి షాట్‌కి కాస్త ముందు మాత్రమే చెప్పారు.

ఇప్పుడు నంబర్ల వరుసలో చూడండి. మూడో భాగం ముగిసేసరికి అనకిన్ వేడర్‌గా మారడం, కవలలు పుట్టడం, వాళ్లకి ల్యూక్, లేయా అని పేర్లు పెట్టడం, అన్నీ కళ్లముందే జరిగిపోతాయి. ఇక అయిదో భాగంలో వేడర్ నోరు విప్పినప్పుడు ఉలిక్కిపడేది ల్యూక్ ఒక్కడే. మనకి అది పాత వార్త.

యోడా విషయంలో నష్టం ఇంకా ఎక్కువనిపిస్తుంది. మహా గురువును వెతుక్కుంటూ ల్యూక్ ఒక చిత్తడి అడవిలో దిగుతాడు. చెవులు సాగిన ఒక మరుగుజ్జు జీవి వచ్చి అతని సామాన్లు కెలికి, తిండి రుచి చూసి, చిన్న దీపం కోసం రోబోతో కొట్లాడుతుంది. ల్యూక్ విసుక్కుంటాడు, మనం నవ్వుకుంటాం. ఆ జీవే గురువని తేలినప్పుడు అతనితో పాటు మనమూ సిగ్గుపడాలి. రెండో భాగంలో యోడా కత్తియుద్ధం చూసి వచ్చినవాడికి ఈ సన్నివేశంలో కనిపెట్టడానికి ఏమీ ఉండదు.

కాలక్రమంలో చూస్తే వచ్చే లాభం వేరు. అప్పుడది అనకిన్ పతనం, పశ్చాత్తాపాల కథ అవుతుంది. ల్యూక్‌కి తెలియని నిజం మనకి తెలిసి చూస్తుంటే ఆ బాధలో బరువుంటుంది. అది రెండోసారి చూసేవాళ్లకి దక్కే రుచి.

మన ‘బాహుబలి’నే తీసుకోండి. అమరేంద్ర బాహుబలి కథంతా ముందు పెట్టి, శివుడి కథ తర్వాత పెడితే కాలక్రమం చక్కగా కుదురుతుంది. కానీ కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నతో 2015 నుంచి 2017 దాకా జనం ఎదురుచూసేవాళ్లా?

విడుదల వరుసకీ ఒక ఇబ్బంది ఉంది. 1983 సినిమా చివర్లో అనకిన్ ఆత్మ కనిపిస్తుంది. మొదట ఆ పాత్రలో సెబాస్టియన్ షా ఉండేవాడు. 2004 డీవీడీలో ఆయన్ని తీసేసి, రెండు, మూడు భాగాల్లో అనకిన్‌గా చేసిన హేడెన్ క్రిస్టెన్సెన్‌ను పెట్టారు. ఇప్పుడు దొరికేది ఈ మార్చిన ప్రతే కాబట్టి, విడుదల వరుసలో చూసేవాళ్లకి ఆ కుర్రాడెవరో అర్థం కాదు. అందుకే కొందరు అభిమానులు నాలుగు, అయిదు చూసి, ఫ్లాష్‌బ్యాక్‌లా రెండు, మూడు చూసి, చివరికి ఆరు చూస్తారు. దీన్ని ‘మషేటీ ఆర్డర్’ అంటారు. ఒకటో భాగాన్ని వదిలేయడం నాకు నచ్చకపోయినా, తండ్రి గుట్టు మాత్రం ఈ వరుసలో భద్రంగానే ఉంటుంది.

అనుబంధ కథల్లో 2016 నాటి ‘రోగ్ వన్’ సంగతి ప్రత్యేకం. శత్రువుల ఆయుధం నమూనాలను గూఢచారులు దొంగిలించారని 1977 సినిమా మొదట్లో తెర మీద పైకి పాకే అక్షరాల్లో ఉంటుంది. ఆ ఒక్క ముక్కే ఇక్కడ పూర్తి సినిమా అయింది. ఇది ముగిసిన కాసేపటికే 1977 కథ మొదలవుతుంది. ఆ నమూనాల విలువ ముందే తెలిసినవాళ్లకే ఇందులోని త్యాగాలు గుండెకి తగులుతాయి. ‘ఆండోర్’ సిరీస్ దీనికి ముందు కథ. పాత మూడూ చూశాక ‘ఆండోర్’, ‘రోగ్ వన్’, మళ్లీ 1977 సినిమా వరసగా చూస్తే చాలా బాగుంటుంది.

ఇంట్లో పిల్లలకి తొలిసారి చూపించే పెద్దలకి ఒక్క విన్నపం. యాప్‌లో ఒకటో భాగం ముందు కనిపించినా నాలుగుతోనే మొదలుపెట్టండి, అయిదు పూర్తయ్యేదాకా వేడర్ ఎవరో ఎవరినీ చెప్పనివ్వకండి.