నైట్రేట్ అయాన్: చుక్కల లెక్క, ఆవేశాల లెక్క

సురేకారంలో ఉండే నైట్రేట్ అయాన్ ఫార్ములా NO₃⁻. అందులో ఒక నైట్రోజన్, మూడు ఆక్సిజన్లు, మొత్తం మీద ఒక రుణావేశం ఉంటాయి. ఇలాంటి వాటిలో ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకున్నాయో చుక్కలతో చూపే పద్ధతిని అమెరికా రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయీస్ 1916లో ప్రతిపాదించాడు. తర్వాత చుక్కల జంటకు బదులు గీత గీయడం వాడుకైంది. గీత పంచుకున్న జంట, మిగిలిన చుక్కలు ఒంటరి జంటలు.

ముందుగా వేలన్సీ ఎలక్ట్రాన్లను లెక్కపెట్టాలి. నైట్రోజన్‌కు 5, మూడు ఆక్సిజన్లకు 18, రుణావేశానికి మరొకటి: మొత్తం 24. అమ్మోనియంలా ధనావేశముంటే ఒకటి తీసేయాలి. చాలామంది తడబడేది ఈ ఆవేశం దగ్గరే. దాన్ని మరిచిపోతే 23 వస్తుంది. ఇక్కడ బేసి సంఖ్య వచ్చిందంటే ఎలక్ట్రాన్లు జంటలుగా సర్దుకోవు కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది.

నైట్రోజన్‌ను మధ్యలో పెట్టి మూడు ఆక్సిజన్లకూ ఒక్కో గీత గీస్తే 6 ఎలక్ట్రాన్లు ఖర్చవుతాయి. మిగిలిన 18ని ఆక్సిజన్లకు తలా మూడు జంటలుగా పంచాలి. అప్పుడు ప్రతి ఆక్సిజన్ చుట్టూ 8 నిండుతాయి, నైట్రోజన్ దగ్గర మాత్రం 6 ఉంటాయి. ఒక ఆక్సిజన్ తన ఒంటరి జంటను బంధంలోకి ఇస్తే అక్కడ ద్విబంధం ఏర్పడి నైట్రోజన్‌కూ అష్టకం పూర్తవుతుంది.

ఇప్పుడు ఫార్మల్ ఆవేశం చూడాలి. పరమాణువు వేలన్సీ ఎలక్ట్రాన్ల నుంచి దాని ఒంటరి ఎలక్ట్రాన్లను, దాన్ని తాకే గీతల సంఖ్యను తీసేయాలి. నైట్రోజన్‌కు 5 − 0 − 4 = +1. ద్విబంధపు ఆక్సిజన్‌కు 6 − 4 − 2 = 0. ఏకబంధపు ఆక్సిజన్లకు 6 − 6 − 1 = −1 చొప్పున. అన్నీ కలిపితే −1, అంటే అయాన్ ఆవేశమే.

అయితే ఈ మొత్తం సరిపోయినంత మాత్రాన బొమ్మ సరైనదని నమ్మకూడదు. మూడూ ఏకబంధాలుగా వదిలేసినా నైట్రోజన్‌కు +2, ఆక్సిజన్లకు −1 చొప్పున, మొత్తం −1 వస్తుంది. రెండు ద్విబంధాలు పెడితే నైట్రోజన్‌కు సున్నా, ఒక ఆక్సిజన్‌కు −1 వచ్చి లెక్క ఇంకా ముచ్చటగా కనిపిస్తుంది. ఎలక్ట్రాన్లు కూడా సరిగ్గా 24. కానీ అందులో నైట్రోజన్ చుట్టూ 10 చేరాయి. రెండో పీరియడ్ మూలకం 8కి మించి భరించలేదు కాబట్టి ఆ బొమ్మ చెల్లదు. అందుకే అష్టకాన్ని ముందు చూసి, ఆ పరీక్షలో నెగ్గిన బొమ్మలకే ఫార్మల్ ఆవేశాలు వేయాలి. మూడో పీరియడ్‌లోని సల్ఫర్‌కు ఈ హద్దు అంత గట్టిది కాదు. సల్ఫేట్‌ను పుస్తకాల్లో ద్విబంధాలతోనూ, అవి లేకుండానూ గీస్తారు.

ద్విబంధం ఏ ఆక్సిజన్‌కు పెట్టాలన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. మూడు బొమ్మలూ సమానంగా చెల్లుతాయి. కొలిచి చూస్తే నైట్రేట్‌లో మూడు బంధాల పొడవూ ఒక్కటే, అది ఏకబంధానికీ ద్విబంధానికీ మధ్యస్థం. కాబట్టి మూడింటినీ రెండు వైపులా మొనలున్న బాణాలతో కలిపి, బ్రాకెట్‌లో ఉంచి, పైన రుణ గుర్తు వేస్తారు.