బీపీ 204/116: ఇప్పుడేం చేయాలి?

పెళ్లింట్లో భోజనాలు ముగిశాయి. నాలుగు రోజులుగా పనుల్లో తిరుగుతున్న అరవై రెండేళ్ల అత్తగారికి తల కాస్త బరువుగా ఉందంటే, అల్లుడు ఇంట్లో ఉన్న బీపీ మిషన్ తెచ్చి చేతికి పట్టీ చుట్టాడు. అంకెలు 204/116 దగ్గర ఆగాయి. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు మారిపోయాయి. ఒకరు కారు తీయమన్నారు. ఇంకొకరు పక్కవీధి ఆర్‌ఎంపీని పిలిస్తే నాలుక కింద మాత్ర పెట్టి పది నిమిషాల్లో దించేస్తాడన్నారు.

ఇది ఊహించి చెప్పిన సన్నివేశమే కానీ, బీపీ మిషన్ ఉన్న ప్రతి ఇంట్లో ఏదో ఒక రోజు ఎదురయ్యేదే. ఆ సమయంలో తేల్చుకోవలసింది ఒక్కటే. పెరిగిన బీపీ ఏదైనా అవయవాన్ని ఇప్పుడు, ఈ గంటలో దెబ్బతీస్తోందా?

పై అంకె 180 గానీ, కింది అంకె 120 గానీ దాటితే బీపీ ప్రమాదకరంగా పెరిగినట్టు లెక్క. దాంతోపాటు మెదడు, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కళ్లలో ఏదైనా దెబ్బతింటుంటే అది హైపర్‌టెన్సివ్ ఎమర్జెన్సీ. ఆస్పత్రిలో చేర్చి, సెలైన్ గుండా మందు ఎక్కిస్తూ, నిమిషనిమిషం గమనించాల్సిన స్థితి అది. అంకె అంతే ఉన్నా ఏ అవయవమూ దెబ్బతినకపోతే దాన్ని ఇన్నాళ్లూ హైపర్‌టెన్సివ్ అర్జెన్సీ అన్నారు. ఆ పేరు వింటేనే జనం, కొన్నిసార్లు వైద్యులు కూడా, తొందరపడి బీపీని ఒక్కసారిగా దించేస్తున్నారు. అందుకే 2025లో వచ్చిన అమెరికా గుండె వైద్య సంఘాల మార్గదర్శకాలు ఆ మాటను పక్కన పెట్టి, ‘తీవ్రమైన అధిక రక్తపోటు’ అనే అర్థంలో మాట్లాడుతున్నాయి.

తొందరగా దించితే నష్టమేమిటి? మెదడులోని రక్తనాళాలు కాలువ తూముల్లాంటివి. బీపీ పెరిగితే కుంచించుకుంటాయి, తగ్గితే వెడల్పవుతాయి. అలా మెదడుకు అందే రక్తం ఎప్పుడూ ఒకే తీరున ఉండేలా చూస్తాయి. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లలో ఈ తూములు ఆ ఎక్కువ ఒత్తిడికే అలవాటుపడి గట్టిపడతాయి. అలాంటివాళ్లకు 204 ఉన్న బీపీని అరగంటలో 130కి తెస్తే, తూములు ఆ వేగానికి తెరుచుకోలేవు. కాలువలో నీటిమట్టం పడిపోతే ముందు ఎండేది శివారు పొలాలే. మెదడులోనూ అంతే, చిట్టచివర ఉన్న భాగాలకు రక్తం అందక పక్షవాతం రావచ్చు. గుండెపోటూ రావచ్చు. నిఫెడిపిన్ గొట్టాన్ని గుచ్చి నాలుక కింద పిండే పద్ధతితో జరిగింది ఇదే. ఆ వాడకాన్ని ఆపేయాలని ‘జామా’ వైద్య పత్రికలో 1996లోనే వైద్యులు గట్టిగా రాశారు. అయినా మన ఊళ్లలో అది ఇంకా పూర్తిగా పోలేదు.

మళ్లీ పెళ్లింటికి వద్దాం. అల్లుడు నిదానంగా ఒక్కొక్కటీ అడిగాడు. ఛాతీలో నొప్పి లేదు. ఆయాసం లేదు. మాట స్పష్టంగా ఉంది. రెండు చేతులూ సమానంగా ఎత్తగలిగారు. చూపు మసకబారలేదు. మూత్రం మామూలుగానే వస్తోంది.

“అత్తయ్యా, బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నారా?”

“ఎక్కడ బాబూ, సంచీ ఇంట్లోనే మర్చిపోయా. మోకాళ్ల నొప్పికి మాత్రం బిళ్లలు వేసుకుంటున్నా.”

కారణం అక్కడే దొరికింది. నాలుగు రోజులు బీపీ మాత్ర లేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు శరీరంలో ఉప్పును, నీటిని నిలబెట్టి బీపీని పెంచుతాయి. విస్తట్లో ఊరగాయ, అప్పడాల ఉప్పు, నిద్రలేమి దానికి తోడయ్యాయి.

ఆమెను మూత్రానికి వెళ్లి రమ్మని, నిశ్శబ్దంగా ఉన్న గదిలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కుర్చీలో కూర్చోబెట్టారు. అరగంట మాటల్లేవు, కాఫీ లేదు. తర్వాత చేతిని బల్లమీద గుండె ఎత్తున ఉంచి, జాకెట్టు చేతి మీద కాకుండా ఒంటిమీదే పట్టీ చుట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూశారు. 182/106, 178/104. విశ్రాంతికి ఇంత బలం ఉందా అని ఆశ్చర్యపడనక్కర్లేదు. 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఇలా లక్షణాల్లేకుండా అత్యవసర విభాగానికి వచ్చినవారిలో దాదాపు మూడో వంతు మందికి అరగంట విశ్రాంతితోనే బీపీ తగినంత తగ్గింది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి.

వాళ్లు వైద్యుడికి ఫోన్ చేశారు. మర్చిపోయిన మాత్రను ఆ రాత్రే మొదలుపెట్టమన్నారు, మామూలు మోతాదే. నాలుగు రోజులవీ కలిపి ఒకేసారి మింగకూడదు. నొప్పి బిళ్లలు ఆపించారు. మర్నాడు రమ్మని ఈసీజీ, మూత్రం, క్రియాటినిన్ పరీక్షలు చేశారు. లక్షణాలు లేనంత మాత్రాన విషయం ముగిసినట్టు కాదు. బీపీ కొన్ని రోజుల్లో, వారాల్లో మెల్లగా దిగాలి. అరగంట తర్వాత కూడా అంకె 180/120 పైనే ఉంటే అదే రోజు వైద్యుణ్ణి సంప్రదించాలి.

ఇప్పుడు అదే 204/116, కానీ ఆమె మాట ముద్దగా వస్తోందనుకోండి. అప్పుడు అరగంట కూర్చోబెట్టడం ఘోరమైన తప్పు. మూతి ఒక పక్కకు వంకరపోవడం, చేయో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం పక్షవాతం గుర్తులు. ఛాతీలో బరువు, చెమటలు పట్టడం గుండెపోటును సూచిస్తాయి. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవలసి వస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతున్నట్టు. ఛాతీ నుంచి వీపులోకి చీల్చినట్టు నొప్పి వస్తే గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని చిరుగుతూ ఉండవచ్చు. హఠాత్తుగా వచ్చిన భరించలేని తలనొప్పి, వాంతులు, మత్తు, గందరగోళం, ఫిట్స్, చూపు పోవడం మెదడుకు ముప్పు చెబుతాయి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మళ్లీ బీపీ చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. అంకె 180 దాటకపోయినా ఈ లక్షణాలకు దారి ఆస్పత్రే.

అంబులెన్స్ వచ్చేలోపు బీపీ దించే మాత్ర ఇవ్వకూడదు. పక్షవాతం అనుమానం ఉంటే నోటి ద్వారా ఏమీ పట్టించకూడదు, ఆస్పిరిన్ కూడా. మెదడులో గడ్డకట్టిందా, రక్తస్రావమైందా అన్నది సీటీ స్కాన్ చూసేవరకు తెలియదు. గడ్డ అయితే కరిగించే మందు ఇచ్చేందుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. అందుకే మనిషి చివరిసారి మామూలుగా కనిపించిన సమయాన్ని కాగితం మీద రాసి, మందుల చీటీతో పాటు తీసుకెళ్లాలి. ఆస్పత్రిలో సైతం చాలా ఎమర్జెన్సీల్లో మొదటి గంటలో బీపీని నాలుగో వంతుకు మించి దించరు. ధమని చిరిగినప్పుడు మాత్రం వేగంగా దించాలి.

ఈ లెక్క గర్భిణులకు వర్తించదు. ఇరవై వారాలు దాటినవారికి, కాన్పయిన కొత్తలో ఉన్నవారికి పై అంకె 160 లేదా కింది అంకె 110 చేరితేనే ప్రమాదం. పావుగంట తర్వాత చూసినా తగ్గకపోతే, లక్షణాలు లేకున్నా, వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

కాబట్టి మిషన్‌లో పెద్ద అంకె కనిపించిన క్షణాన ముందు మనిషి ముఖంలోకి చూడండి. మాట్లాడించండి, చేతులెత్తమనండి, ఊపిరి ఎలా ఉందో, ఛాతీలో నొప్పి ఉందో అడగండి. ఒక్క నిమిషం పట్టే ఆ పనే, కుర్చీ వేయాలో అంబులెన్స్ పిలవాలో చెబుతుంది.