బ్లేడు అర మిల్లీమీటరు జరిగితే

స్టిక్కర్ షీటు డిజైన్‌ను స్క్రీన్ మీద చూస్తే తప్పులు కనిపించవు. బొమ్మ చుట్టూ తెల్ల అంచు అన్ని వైపులా సమానంగా ఉంటుంది, కట్ లైన్ వెంట్రుకలా సన్నగా దాని పక్కనే పోతుంది. ఎంత పెద్దది చేసి చూసినా గీతలు స్ఫుటంగానే ఉంటాయి. ఆ ఫైలు ప్రింటరుకి వెళ్లి, అక్కడి నుంచి ప్లాటరు కిందికి వెళ్లేసరికి కథ మారుతుంది. ప్రింటు ఒక మెషీన్ పని, కోత ఇంకో మెషీన్ పని. ఒకే మెషీన్ రెండూ చేసినా, చేసేది ఒకదాని తర్వాత ఒకటే. మధ్యలో షీటు కదులుతుంది, రోలర్ల కింద కొద్దిగా సాగుతుంది, లామినేషన్ వేసినప్పుడు వేడికి, ఒత్తిడికి ఇంకాస్త మారుతుంది. షీటు మూలల్లో వేసిన నల్ల గుర్తులను మెషీన్ కన్ను చదివి తనను తాను సరిచేసుకుంటుంది గానీ, పూర్తిగా కాదు. అర మిల్లీమీటరు అటూఇటూ అవడం మామూలే. అందుకే షీటును పరిశీలించేవాళ్లు ప్రతి గీత దగ్గరా ఒకటే అడగాలి: బ్లేడు ఇక్కడ అర మిల్లీమీటరు పక్కకి జరిగితే ఏమవుతుంది?

ఒక షీటు తీసుకుని చూద్దాం. ఏ5 సైజు, అంటే 148 మి.మీ. వెడల్పు, 210 మి.మీ. పొడవు. మీద కొండపల్లి బొమ్మలు: అంబారీ ఏనుగు, ఎడ్ల బండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, రథం, ఇంకా అలాంటివి మొత్తం పదిహేను. వరుసకి మూడు చొప్పున అయిదు వరుసలు. ఇది హాఫ్ కట్ షీటు. బ్లేడు పైనున్న స్టిక్కర్ పొరను మాత్రమే కోస్తుంది, కింది రిలీజ్ పేపరు అలాగే ఉంటుంది. కొన్నవాళ్లు ఒక్కో బొమ్మనీ గోటితో లేపి తీసుకుంటారు. గీసినామె చెయ్యి మంచిది, రంగులు కొండపల్లి రంగులే. బొమ్మల చుట్టూ తెల్ల అంచు 1 మి.మీ., బొమ్మకీ బొమ్మకీ మధ్య 1 మి.మీ., షీటు అంచు నుంచి 3 మి.మీ. ఇచ్చింది. కళ్లకి నిండుగా ఉంది. చిక్కు కూడా ఆ నిండుతనంలోనే ఉంది.

ముందు తెల్ల అంచు సంగతి. కట్ లైన్ అర మిల్లీమీటరు కుడికి జరిగిందనుకోండి. 1 మి.మీ. అంచు ఎడమ వైపు అర మిల్లీమీటరుకి తగ్గుతుంది, కుడి వైపు ఒకటిన్నరకి పెరుగుతుంది. ఒక పక్క కంటే ఇంకో పక్క మూడు రెట్లు. ఇది ఎవరి కంటికైనా తెలుస్తుంది. 'బొమ్మ పక్కకి పోయింది' అంటారు, నిజానికి పోయింది కోత. అదే అంచు 2.5 మి.మీ. ఉంటే జరిగాక 2, 3 అవుతాయి. జరిగిన దూరం అంతే అయినా స్కేలు పెట్టి కొలిస్తే తప్ప ఎవరూ పట్టుకోలేరు. మెషీన్ తప్పును ఆపడం డిజైనరు చేతిలో లేదు, దాన్ని కనపడకుండా చేయడం ఉంది. అందుకే నేను 2 మి.మీ. కంటే తక్కువ తెల్ల అంచు ఉన్న షీటును వెనక్కి పంపుతాను, రెండున్నర ఇమ్మంటాను.

కొంతమందికి తెల్ల అంచు నచ్చదు. రంగు కోత దాకా రావాలంటారు. అలాగే చేయొచ్చు, కాకపోతే రంగును కట్ లైన్ దాటించి బయటికి 2 మి.మీ. అయినా పోనివ్వాలి. లేకపోతే బ్లేడు జరిగిన వైపు సన్నని తెల్ల చార మిగులుతుంది. ముఖ్యమైనవన్నీ లైన్‌కి లోపల అంతే దూరంలో ఆగాలి. అన్నిటికంటే చెడ్డది మూడో పద్ధతి, అందరూ చేసేది కూడా అదే: సరిగ్గా కట్ లైన్ మీదో, దాని పక్కనో సన్నని రంగు గీతను చుట్టూ తిప్పడం. ఎడ్ల బండి చుట్టూ ఈమె అర మిల్లీమీటరు ఎర్ర గీత వేసింది. బ్లేడు జరిగితే ఒక వైపు ఎరుపు మొత్తం తెగిపోతుంది, ఇంకో వైపు ఎరుపు పక్కన తెలుపు బయటపడుతుంది. ఆ గీతకి మందు లేదు. తీసేయడమే.

తాటిచెట్టు దగ్గర వేరే ఇబ్బంది. బొమ్మ అందం మట్టల మొనల్లోనే ఉంది గనుక ఆమె కట్ లైన్‌ను ప్రతి మొన చుట్టూ తిప్పింది. రెండు మట్టల మధ్య సందు ఒక మిల్లీమీటరు. ప్లాటరు బ్లేడు సూదిలా నిటారుగా దిగదు, వెనక్కి కాస్త వంగి, లాగిన వైపుకి తిరుగుతూ పోతుంది. చురుకైన మూల దగ్గర అది ఆగి, మొన మీద గిర్రున తిరగాలి. అలా తిరిగేటప్పుడు ఇరుకు మూలలో ఉన్న పొర లేచిపోతుంది, లేదా మొన గుండ్రబడిపోతుంది. కోత సరిగ్గా వచ్చినా ఒలిచేటప్పుడు తిప్పలే. మిల్లీమీటరు వెడల్పు మట్ట రిలీజ్ పేపరుకే అంటుకుని, మిగతా చెట్టు చేతికొస్తుంది. ఎలాగో అతికించినా పుస్తకం సంచిలోంచి నాలుగుసార్లు తీసేసరికి ఆ మొనలే ముందు లేస్తాయి.

దీనికి చేయాల్సింది కోతను బొమ్మ నుంచి విడదీయడం. మట్టలు ఎంత వాడిగా ఉన్నా ఉండనివ్వండి, కట్ లైన్ మాత్రం వాటన్నిటినీ కలుపుకుని మెత్తని వంకరగా బయటినుంచి పోవాలి. ఇలస్ట్రేటర్‌లో Object > Path > Offset Path తీసుకుని, 2.5 మి.మీ. ఇచ్చి, మూలలకి Round ఎంచుకుంటే సగం పని అయిపోతుంది. మిగతా సగం చేత్తో చేయాలి, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ లోతైన సందుల్ని అలాగే వదిలేస్తుంది. ఎద్దు కొమ్ముల మధ్య ఖాళీ, ఏనుగు తొండం లోపలి వంపు, బండి చక్రాల ఆకుల మధ్య రంధ్రాలు, ఇవేవీ కోయొద్దు. తెలుపుతోనో వెనక రంగుతోనో నింపేయాలి. కోశాక స్టిక్కర్‌లో ఏ భాగమూ 3 మి.మీ. కంటే సన్నగా ఉండకూడదు. కట్ లైన్ ఫైల్లో విడి లేయరులో, విడి రంగుతో ఉండాలన్నది చెప్పక్కర్లేదనుకుంటాం గానీ చెప్పాల్సి వస్తుంది. చాలా షాపుల్లో ఆ రంగు పేరు సరిగ్గా CutContour అని ఉంటేనే మెషీన్ దాన్ని కోతగా గుర్తిస్తుంది. లేకపోతే చక్కగా గులాబీ గీతగా ప్రింటు చేసి ఇస్తుంది.

బొమ్మల మధ్య ఖాళీకి వద్దాం. 1 మి.మీ. దూరంలో రెండు కట్ లైన్లు పోతే వాటి మధ్య మిగిలేది దారంలాంటి పట్టీ. చుట్టూ ఉన్న వ్యర్థాన్ని షాపులో ముందే ఒలిచి తీసేసే పని ఉంటే ఆ పట్టీ ప్రతిచోటా తెగుతుంది, పనివాళ్లు గోళ్లతో గీకుతూ కూర్చుంటారు. తీయకుండా షీటులోనే వదిలేస్తే కొన్నవాళ్ల పాట్లు మొదలు. ఏనుగును లేపబోతే పట్టీ లేస్తుంది, పట్టీతో పాటు పక్కనున్న ఎడ్ల బండి మూల కూడా లేస్తుంది. గోరు దూరడానికైనా చోటు కావాలి కదా. రంగు అంచు దాటే బొమ్మలు పక్కపక్కన ఉంటే ఇంకో లెక్క ఉంది. ఒకదాని రంగు 2 మి.మీ. బయటికి వస్తుంది, పక్కదాని రంగూ అంతే. మధ్యలో 4 మి.మీ. లేకపోతే ఎరుపు వెళ్లి నీలం మీద ఎక్కుతుంది, బ్లేడు జరిగిన షీట్లలో ఏనుగు అంచున నీలి పీలిక కనిపిస్తుంది. అందుకే 4 మి.మీ. అడుగుతాను. షీటు అంచు నుంచి 6 మి.మీ. ఎందుకంటే, చివర్న షీట్లను కట్టగా పేర్చి కటింగ్ మెషీన్‌లో కోసేటప్పుడు ఆ కోత కూడా కొంచెం జరుగుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. 148లోంచి రెండు వైపులా 6 పోతే 136. 210లోంచి పోతే 198. అడ్డంగా మూడు బొమ్మలు, మధ్యలో రెండు ఖాళీలు: ఒక్కోదానికి 42 మి.మీ. దాటి వస్తుంది, ఫర్వాలేదు. నిలువునా అయిదు వరుసలు, నాలుగు ఖాళీలు అంటే ఒక్కోదానికి 36 మి.మీ., అందులో పైనా కిందా తెల్ల అంచు పోతే బొమ్మకి మిగిలేది 31. ముందు ఆమె ఏనుగు 38 మి.మీ. ఎత్తుంది. ఖాళీలు సరిచేస్తే బొమ్మ చిన్నదవుతుంది, చిన్నదైతే అందులోని పనితనం పోతుంది. ఈ రెండూ విడివిడి సమస్యలు కావు. వరుసలు నాలుగు చేస్తే ఒక్కోదానికి 46 మి.మీ. వస్తుంది, అంచు పోగా బొమ్మకి 41. పన్నెండే ఉంటాయి గానీ, ఒక్కోటీ ముందుకంటే పెద్దది. ఈ మాట చెప్పినప్పుడు గీసినవాళ్ల ముఖం వాడిపోతుంది. తీసేయాల్సిన ఆ మూడు బొమ్మల్నీ వాళ్లనే ఎంచుకోమంటాను.

ఇక చిన్న పనితనం. ఆమె ఏనుగును పెద్ద కాన్వాస్ మీద, 300 డిపిఐలో, 8 పిక్సెళ్ల కుంచెతో గీసింది. ఆ సైజులో గీత మందం 0.7 మి.మీ. దగ్గర. షీటులోకి అయిదో వంతుకి తగ్గించింది, గీత 0.14 మి.మీ. అయింది. పూర్తి నలుపు గీతయితే ఇది ఎలాగో బతుకుతుంది. కానీ ఆమె గోధుమ రంగు వాడింది. గోధుమ రంగు సిరా అంటూ ప్రెస్సులో విడిగా ఉండదు, మూడు నాలుగు రంగుల చుక్కలు పక్కపక్కన పడితే మన కన్ను గోధుమ అనుకుంటుంది. అంగుళానికి 150 వరుసల చుక్కలతో వేసే ఆఫ్‌సెట్ ప్రింటులో ఒక్కో చుక్క గడి 0.17 మి.మీ. ఉంటుంది. అంటే గీత, దాన్ని కట్టే ఇటుక కంటే సన్నంగా ఉంది. ఫలితం తెగిన గీత, అంచులు గరుకుగా. రంగు గీతకి కనీసం 0.3 మి.మీ. ఇవ్వాలి. ముదురు రంగు మీద తెల్ల గీతకి ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే చుట్టూ ఉన్న సిరా లోపలికి వ్యాపించి తెలుపును మింగేస్తుంది. అంబారీ గుడ్డ మీద ఆమె పెట్టిన తెల్ల చుక్కలు ప్రింటులో మసక మచ్చలవుతాయి. చుక్కల సంఖ్య సగానికి సగం తగ్గించి, ఒక్కోదాన్ని 0.8 మి.మీ. చేస్తే గుడ్డ మళ్లీ గుడ్డలా కనిపిస్తుంది.

తెలుగు అక్షరాల దగ్గర ఇంగ్లిషు షీట్ల కొలతలు పనికిరావు. రథం బొమ్మ కింద 'రథం' అని 6 పాయింట్లలో రాసింది. 'థ' కడుపులోని చుక్క పూడుకుపోతే అది 'ధ'. కింద వేలాడే ఒత్తు కూడా పోతే 'ద'. 'కొండపల్లి'లో ల వత్తు అక్షరం కిందికి దిగుతుంది, పైన గుడి ఉంటుంది. కట్ లైన్ నుంచి దూరం కొలిచేటప్పుడు అక్షరం అడుగు నుంచి కాదు, వత్తు అడుగు నుంచి కొలవాలి. అలా కొలిస్తే ఈ షీటులో వత్తుకీ కోతకీ మధ్య ముప్పావు మిల్లీమీటరే ఉంది. అక్షరాల్ని 10 పాయింట్లకి పెంచి, తలకట్టుకీ అక్షరానికీ మధ్య సందు తెరిచి ఉండే ఫాంటు వాడి, రెండు మిల్లీమీటర్లు పైకి జరపమన్నాను.

సరిచేసిన ఫైలును వెంటనే వందల కాపీలకి పంపకూడదు. ముందు మామూలు ఆఫీసు ప్రింటరు మీద అసలు సైజులో ఒకటి తీసి, చెయ్యి చాచినంత దూరంలో పెట్టుకుని చూడాలి. అక్కడ కనపడనిది స్టిక్కర్‌లోనూ కనపడదు. తర్వాత షాపులో అసలు మెటీరియల్ మీదే ఒక షీటు కోయించి, నాలుగు మూలల్లో ఉన్న నాలుగు బొమ్మల్ని ఒలవాలి. కోత జరగడం మధ్యలో కంటే మూలల్లో ఎక్కువ. ఒలిచిన చోట రిలీజ్ పేపరు మీద బ్లేడు జాడ లేతగా, గీరినట్టు ఉంటే లోతు సరిపోయింది. షీటు తిప్పి చూస్తే వెనక వైపు కూడా గీత కనిపిస్తే లోతు ఎక్కువైంది, ఒకటి లాగితే వెనక కాగితంతో సహా ఊడొస్తుంది. ఒలిచేటప్పుడు అంచు పీచుపీచుగా చిరిగితే లోతు చాలలేదు, లేదా బ్లేడు అరిగింది. ఈ రెంటికీ డిజైన్‌ను తిట్టుకోనక్కర్లేదు, మెషీన్ దగ్గరున్న అన్నకి చెబితే చాలు. తెల్ల అంచు ఒక మూల సన్నగా, ఎదురు మూల లావుగా వస్తే మాత్రం మూలల్లోని నల్ల గుర్తులు సరిగ్గా చదివిందో లేదో చూడమని అడగండి. లామినేషన్ మెరుపు వల్ల మెషీన్ కన్ను కొన్నిసార్లు వాటిని తప్పుగా చదువుతుంది, గుర్తుల మీద మాట్ టేపు ముక్క అంటించి మళ్లీ చదివిస్తే చాలాసార్లు దారికొస్తుంది.