20 లక్షలు వెనక్కి ఇచ్చినా 70 లక్షలు చెదరకుండా

కంపెనీలో ఈక్విటీ షేరు కొన్నవాడు తన డబ్బు వెనక్కిమ్మని కంపెనీని అడగలేడు. వద్దనుకుంటే ఇంకొకరికి అమ్ముకోవాల్సిందే. కంపెనీకి అప్పిచ్చిన బ్యాంకు, సరుకు అరువిచ్చిన వ్యాపారి కాస్త ధైర్యంగా ఉండేది అందుకే. నష్టం వస్తే ముందు కరిగేది వాటాదారుల మూలధనమే, ఆ తర్వాతే తమ డబ్బుకు ముప్పు.

ప్రిఫరెన్స్ షేర్ల సంగతి వేరు. వీటికి డివిడెండు ముందే ఇంత శాతమని ఖాయం చేస్తారు, గడువు తీరాక సొమ్ము తిరిగి ఇచ్చేస్తారు. మన దేశంలో ఎప్పటికీ తిరిగి ఇవ్వని ప్రిఫరెన్స్ షేర్లు జారీ చేయడానికి వీల్లేదు. 2013 కంపెనీల చట్టం 55వ సెక్షన్ ప్రకారం గడువు 20 ఏళ్లు మించకూడదు. మౌలిక వసతుల ప్రాజెక్టులకు మాత్రం కొన్ని షరతులతో సడలింపు ఉంది. మూలధనంలో ఒక ముక్క ఇలా గడువు పెట్టుకుని బయటికి పోతుంటే అప్పిచ్చినవాళ్ల ధైర్యం ఏం కావాలి? చట్టం దీనికి రెండే దారులు చూపింది. డివిడెండుగా పంచుకోదగ్గ లాభాల్లోంచి తీర్చాలి, లేదా అందుకోసమే కొత్త షేర్లు జారీ చేసి ఆ సొమ్ముతో తీర్చాలి. రెండూ కలిపి వాడుకోవచ్చు. పూర్తిగా సొమ్ము చెల్లించిన షేర్లనే రిడీమ్ చేయాలన్నది మరో నిబంధన.

ఒక చిన్న అన్‌లిస్టెడ్ కంపెనీ లెక్క వేసి చూద్దాం. ఈక్విటీ 50 లక్షలు, 100 రూపాయల ప్రిఫరెన్స్ షేర్లు 20 వేలు, అంటే 20 లక్షలు. జనరల్ రిజర్వులో 8 లక్షలు, లాభనష్టాల ఖాతాలో మిగులు 5 లక్షలు ఉన్నాయి. ఓ పాత ఆస్తి వ్యవహారంలో వచ్చిన 3 లక్షల క్యాపిటల్ రిజర్వు కూడా ఉంది గానీ, అది డివిడెండుగా పంచే లాభం కాదు కాబట్టి ఈ పనికి రాదు. బ్యాంకులో 14 లక్షలున్నాయి. గడువు తీరింది, ఒప్పందం ప్రకారం 5 శాతం ప్రీమియంతో చెల్లించాలి. మొత్తం 21 లక్షలు.

లాభాలు 13 లక్షలున్నా, 1 లక్ష మిగుల్చుకుని 12 లక్షలే వాడదామనుకున్నారు డైరెక్టర్లు. 20 లక్షల ముఖ విలువలో 12 పోగా మిగిలిన 8 లక్షలకు కొత్త షేర్లు రావాలి. 10 రూపాయల ఈక్విటీ షేర్లు 80 వేలు, ఒక్కోటి 12 రూపాయల 50 పైసలకు జారీ చేశారు. 10 లక్షలు వచ్చాయి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 10 లక్షలు చేతికొచ్చాయి కదా, లాభాల్లోంచి 10 లక్షలు చాలవా అంటారు. చాలవు. లెక్కలో కొత్త షేర్ల ముఖ విలువ 8 లక్షలనే పట్టుకోవాలి. పైన వచ్చిన 2 లక్షలు సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాకు వెళతాయి. పాత షేర్లకు ఇవ్వాల్సిన లక్ష రూపాయల ప్రీమియాన్ని ఆ ఖాతాలోంచి సర్దుకోవచ్చు. అయితే ఇండ్ ఏఎస్ అకౌంటింగ్ ప్రమాణాలు పాటించాల్సిన కంపెనీలకు ఈ వెసులుబాటు లేదు. 2013 చట్టం వచ్చాక జారీ చేసిన షేర్లయితే అవి ఆ ప్రీమియాన్ని కూడా లాభాల్లోంచే ఇవ్వాలి.

ఇక లాభాల్లోంచి వాడుకున్న 12 లక్షలు. జనరల్ రిజర్వు నుంచి 8, లాభనష్టాల ఖాతా నుంచి 4 తీసి క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వు అనే ఖాతాలో వేస్తారు. వాడుకలో దీన్ని సీఆర్ఆర్ అంటారు. ప్రీమియంతో సంబంధం లేకుండా, కొత్త షేర్లు పూడ్చని ముఖ విలువ ఎంతో అంతా ఇందులోకి చేరాలి.

ఈ పని ఎందుకు? లాభాలను డివిడెండుగా పంచుకునే హక్కు కంపెనీకి ఉంది. సీఆర్ఆర్ లేకపోతే ప్రిఫరెన్స్ వాళ్లకు సొమ్ము ఇచ్చేసి, ఆనక అవే 12 లక్షలను ఈక్విటీ వాళ్లకు డివిడెండుగా పంచేయవచ్చు. ఒకే లాభం రెండుసార్లు ఖర్చయి, అప్పిచ్చినవాళ్ల ముందున్న అడ్డుగోడ కుంగిపోతుంది. సీఆర్ఆర్‌లో పడ్డ మొత్తాన్ని డివిడెండుగా ఇవ్వడానికి వీల్లేదు. పూర్తి చెల్లింపు బోనస్ షేర్లకు మాత్రం వాడుకోవచ్చు. అప్పుడది మూలధనంగానే మారుతుంది కాబట్టి ఎవరికీ నష్టం లేదు. మన కంపెనీలో ముందు మూలధనం ఈక్విటీ 50, ప్రిఫరెన్స్ 20 కలిపి 70 లక్షలు. తర్వాత ఈక్విటీ 58, సీఆర్ఆర్ 12 కలిపి మళ్లీ 70 లక్షలే.

సీఆర్ఆర్ అంటే విడిగా దాచిన డబ్బు కాదని మాత్రం గట్టిగా చెప్పుకోవాలి. అది పుస్తకంలో ఒక పద్దు, అంతే. ఈ కంపెనీ బ్యాంకు ఖాతాలో 14 లక్షలకు కొత్త 10 చేరి, 21 పోయి, 3 లక్షలు మిగిలాయి. సీఆర్ఆర్ 12 లక్షలున్నా చేతిలో ఉన్నది 3 లక్షలే! నగదు చాలకపోతే కంపెనీ అప్పు తెచ్చి కూడా చెల్లించవచ్చు, డిబెంచర్లు అమ్మి కూడా చెల్లించవచ్చు. కానీ డిబెంచర్ల సొమ్మును కొత్త షేర్ల సొమ్ముగా చూపించి సీఆర్ఆర్ తగ్గించుకుంటానంటే కుదరదు. అప్పు మూలధనానికి బదులు కాదు. అంతా అయ్యాక 30 రోజుల్లో SH-7 ఫారంలో రిజిస్ట్రార్‌కు తెలియజేయాలి.

లాభాలూ లేక, కొత్త షేర్లు కొనేవాళ్లూ లేకపోతే? గడువు తీరినా సొమ్ము రాదు. అప్పుడు విలువ ప్రకారం నాలుగింట మూడొంతుల ప్రిఫరెన్స్ వాటాదారుల సమ్మతితో, ఎన్‌సీఎల్‌టీ అనుమతితో, బాకీ పడ్డ డివిడెండుతో సహా పాతవాటి బదులు కొత్త ప్రిఫరెన్స్ షేర్లు ఇవ్వవచ్చు. ఒప్పుకోని వాళ్లకు వెంటనే చెల్లించమని ట్రిబ్యునల్ ఆదేశించాలి.

ఈ షేర్లు పట్టుకున్నవాడు అప్పిచ్చినవాడితో సమానం కాడని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో మరోసారి తేల్చింది. మ్యాటిక్స్ ఫెర్టిలైజర్స్ నుంచి రావాల్సిన బకాయిల్లో 250 కోట్లను ఈపీసీ కన్‌స్ట్రక్షన్స్ 8 శాతం ప్రిఫరెన్స్ షేర్లుగా తీసుకుంది. గడువు తీరినా సొమ్ము రాలేదని, అప్పిచ్చినవాళ్ల హోదాలో దివాలా చట్టం కింద కేసు వేసింది. లాభాలో, కొత్త షేర్ల సొమ్మో ఉంటే తప్ప రిడీమ్ చేయడానికి చట్టమే ఒప్పుకోదు కాబట్టి, గడువు తీరినంత మాత్రాన అది అప్పు కాదని కోర్టు చెప్పింది. బకాయిని షేర్లుగా మార్చుకున్న రోజే అప్పిచ్చినవాడి హోదా పోయిందన్నమాట. నా మటుకు ఈ తీర్పు సబబే అనిపిస్తుంది. వాటాదారుగా కాగితం తీసుకుని, కష్టకాలంలో అప్పిచ్చినవాళ్ల వరసలో నిలబడతానంటే ఆ వరసలో ముందున్నవాళ్ల మాటేమిటి?

అందుకని 9 శాతం, 10 శాతం అని ఎవరైనా ప్రిఫరెన్స్ షేర్లు చూపిస్తే, అమ్మకాలు ఎన్ని కోట్లని కాదు, లాభనష్టాల ఖాతాలో మిగులూ జనరల్ రిజర్వూ కలిపి ఎంతని అడగండి. అక్కడ మైనస్ గుర్తు కనిపిస్తే, మీ సొమ్ము వెనక్కి రావడానికి కొత్త షేర్లు కొనే ఇంకొకరి కోసం ఎదురుచూడాల్సిందే. ఇప్పటికే షేర్లున్నవాళ్లు బ్యాంకు ఖాతా, చిరునామా వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. రిడీమ్ అయిన సొమ్మును ఏడేళ్లు ఎవరూ తీసుకోకపోతే అది ప్రభుత్వ ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు వెళుతుంది, అక్కడి నుంచి మళ్లీ దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకోవాలి.