ఆపరేషన్ వికటిస్తే నిర్లక్ష్యాన్ని తేల్చేది ఎలా?

ఆపరేషన్ తర్వాత రోగి పరిస్థితి దిగజారినంత మాత్రాన డాక్టరు నిర్లక్ష్యం చేసినట్టు చట్టం భావించదు. పరిహారం కోరేవారు మూడు సంగతులు రుజువు చేయాలి. రోగిని జాగ్రత్తగా చూడాల్సిన బాధ్యత ఆ డాక్టరుపై ఉందన్నది మొదటిది. ఆ బాధ్యతలో అతను తప్పాడన్నది రెండోది. రోగికి జరిగిన నష్టం ఆ తప్పు వల్లే కలిగిందన్నది మూడోది. మొదటిదానిపై పెద్దగా వాదన ఉండదు, ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడే బాధ్యత మొదలవుతుంది. అసలు పోరు రెండోదాని మీదే. ‘తప్పాడు’ అనాలంటే ముందు ఆ డాక్టరు ఏం చేసి ఉండాల్సిందో తెలియాలి. జడ్జికి వైద్యం తెలియదు కాబట్టి ఆ సంగతి చెప్పడానికి అదే రంగంలోని నిపుణులు కావాలి.

ఏ కొలతతో కొలవాలన్నది 1957లో ఇంగ్లండ్‌లో నడిచిన బోలమ్ కేసుతో స్థిరపడింది. మానసిక కుంగుబాటుకు కరెంటు షాకు చికిత్స చేస్తున్నప్పుడు ఒక రోగి తుంటి ఎముకలు విరిగాయి. కండరాలు సడలే మందు ఇవ్వలేదు, రోగిని కదలకుండా పట్టుకోనూ లేదు. అయితే ఆ రోజుల్లో మందు ఇచ్చే డాక్టర్లూ ఉన్నారు, ఇవ్వని డాక్టర్లూ ఉన్నారు. ఆ విద్యలో సామర్థ్యమున్న డాక్టర్లలో బాధ్యత గల ఒక వర్గం సరైనదని ఒప్పుకునే పద్ధతిని పాటిస్తే, మరో వర్గం దాన్ని కాదన్నా అది నిర్లక్ష్యం కాదని న్యాయమూర్తి జ్యూరీకి వివరించారు. రోగి ఓడిపోయాడు. మన సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసు తీర్పులో ఇదే కొలతను స్వీకరించింది.

దీని ప్రకారం డాక్టరు దేశంలోకెల్లా గొప్ప సర్జనులా పనిచేసి ఉండాల్సిన అవసరం లేదు. తన రంగంలో సాధారణ నైపుణ్యమున్న సర్జన్ చూపే జాగ్రత్త చూపితే చాలు. ఆ జాగ్రత్తను కూడా ఆపరేషన్ జరిగిన నాటి వైద్యజ్ఞానంతో, అప్పుడు అందుబాటులో ఉన్న పరికరాలతో కొలవాలి. కేసు విచారణకొచ్చే నాటికి కొత్త స్కానింగులు, కొత్త పద్ధతులు వచ్చి ఉండవచ్చు. వాటితో పదేళ్ల కిందటి డాక్టరును తప్పుపట్టకూడదు. స్పెషలిస్టు సంగతి వచ్చేసరికి కొలత కాస్త పెరుగుతుంది. గుండె సర్జన్‌ను గుండె సర్జన్లతోనే పోల్చాలి, జనరల్ ప్రాక్టీసు డాక్టరుతో కాదు.

ఈ కొలత ఆచరణలో ఎలా పనిచేస్తుందో చూడటానికి హైదరాబాద్‌లోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థపై నడిచిన కేసు మంచి ఉదాహరణ. 1990లో ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి ఒకరు మళ్లీ మళ్లీ జ్వరం వస్తుండటంతో అక్కడికి వెళ్లారు. ఛాతీ ఎడమ భాగంలో గడ్డ ఉన్నట్టు పరీక్షల్లో కనిపించింది. ఆ గడ్డ పక్కటెముకలనూ వెన్నుపూసనూ కొంత తినేసింది కూడా. గుండె, ఛాతీ ఆపరేషన్లు చేసే సర్జన్ ఛాతీ తెరిచి గడ్డను తీసేశారు. ఆపరేషన్ తర్వాత ఆ యువకుడికి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. అవయవాలపై అదుపు పోయి, జీవితాంతం చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు.

ఇలాంటి కేసులో నిపుణుడికి ముందుగా ఎదురయ్యే చిక్కు ఫలితం ముందే తెలిసిపోవడం. కాళ్లు చచ్చుబడ్డాయని తెలిశాక కేస్ షీట్ చదివితే ప్రతి నిర్ణయమూ తప్పుగానే కనబడుతుంది. అందుకే అనుభవజ్ఞులు ఆపరేషన్‌కు ముందు రోజు వరకున్న కాగితాలనే మొదట చదువుతారు. ఆ రోజున సర్జన్ చేతిలో ఉన్న ఎక్స్‌రే, స్కాన్, సూది పరీక్ష రిపోర్టులు చూసి, అదే స్థానంలో మరో సర్జన్ ఉంటే ఏం అనుమానించేవారు, ఏ ఏర్పాట్లు చేసుకునేవారు అని రాసుకుంటారు. ఆ తర్వాతే ఆపరేషన్ నోట్సు, మత్తు డాక్టరు చార్టు, నర్సుల రికార్డు తెరుస్తారు.

ఈ పద్ధతిలో నిజామ్స్ కేసును చదివితే ప్రశ్న కత్తి పట్టిన చేతి మీద కన్నా దానికి ముందు జరిగిన ఆలోచన మీద నిలుస్తుంది. ఛాతీలో వెనకవైపు, వెన్నెముకను ఆనుకుని పెరిగే గడ్డలు చాలావరకు నరాల నుంచి పుట్టేవే. వాటిలో కొన్ని రెండు వెన్నుపూసల మధ్య, నరం బయటకొచ్చే సందు గుండా వెన్నుపాము ఉండే కాలువలోకి చొచ్చుకుపోతాయి. అప్పుడు గడ్డ సగం ఛాతీలో, సగం వెన్నులో ఉంటుంది, మధ్యలో సన్నటి మెడ. ఛాతీ వైపు నుంచి దాన్ని లాగితే వెన్నుపాము దెబ్బతినవచ్చు, కాలువలో రక్తస్రావం జరిగి వెన్నుపాము నలిగిపోవచ్చు. ఇది 1990 నాటికే పాఠ్యపుస్తకాల్లో ఉన్న విషయం. ఎముకను తినేసిన ఆనవాలు కనబడినప్పుడు వెన్ను వైపు ఏముందో చూసుకుని, న్యూరోసర్జన్‌ను ముందే కలుపుకోవడం సాధారణ నైపుణ్యమున్న సర్జన్ చేయాల్సిన పని. ఇక్కడ ఆపరేషన్ ప్రణాళికలో న్యూరోసర్జన్ లేరు. దీన్ని సుప్రీంకోర్టు నిర్లక్ష్యంగా పరిగణించింది.

సమ్మతి సంగతి కూడా తేలింది. రోగి నుంచి తీసుకున్నది ఎక్సిషన్ బయాప్సీకి. ఛాతీ తెరిచాక గడ్డ మొత్తం తీసేశారు. ప్రాణాపాయం లాంటి అత్యవసరమేదీ లేనప్పుడు ఒక పనికి ఇచ్చిన సమ్మతి మరో పెద్ద పనికి చెల్లదని కోర్టు చెప్పింది. సమ్మతి పత్రంలో రోగి సంతకం కనిపిస్తే చాలని ఆసుపత్రుల్లో చాలామంది అనుకుంటారు. నిపుణులు మాత్రం ఆ సంతకం దేనికి పెట్టించారో చదువుతారు.

రెండు పక్షాలూ చెరో నిపుణుడిని తెచ్చుకుంటే, ఇద్దరూ పెద్ద పదవుల్లో ఉన్న ప్రొఫెసర్లే అయితే ఏమవుతుంది? బోలమ్ సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే డాక్టరు పక్షాన ఒక్క నిపుణుడు నిలబడినా కేసు ముగిసిపోవాలి. ఈ లొసుగును 1997లో ఇంగ్లండ్ అత్యున్నత న్యాయస్థానం బోలిథో కేసులో సరిచేసింది. నిపుణుడి అభిప్రాయం తర్కానికి నిలవాలి, ఆ పద్ధతిలోని ప్రమాదాన్నీ ప్రయోజనాన్నీ తూచి చూసినట్టు కనబడాలి, లేకపోతే కోర్టు దాన్ని పక్కన పెట్టవచ్చు అంది. విచిత్రమేమంటే ఆ కేసులో కూడా చివరికి గెలిచింది ఆసుపత్రే. మన దగ్గరా నిపుణుడి అభిప్రాయం సలహా మాత్రమే, తీర్పు జడ్జిదే. ‘ఫైలు పరిశీలించాం, నిర్లక్ష్యం లేదు’ అని ఒక్క వాక్యంలో తేల్చేసే మెడికల్ బోర్డు నివేదికకు విలువ అంతంత మాత్రమే. ఏ కాగితం చూశారు, ఏ ప్రామాణిక పద్ధతితో పోల్చారు, ఎందుకు ఆ నిర్ణయానికొచ్చారు అన్నది రాసిన నివేదిక క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలుస్తుంది. తోటి డాక్టరుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడానికి డాక్టర్లు ముందుకు రారన్న ఫిర్యాదులో నిజముంది. అందుకే చాలా కుటుంబాలు వేరే ఊళ్లో నిపుణుడిని వెతుక్కోవాల్సి వస్తుంది.

నిపుణుడు అక్కర్లేని కేసులూ ఉన్నాయి. 1963లో ఔరంగాబాద్ ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసినప్పుడు ఒక మహిళ కడుపులో తువ్వాలు ఉండిపోయింది. ఆమె చనిపోయింది. కడుపులో తువ్వాలు మరచిపోవడం నిర్లక్ష్యమో కాదో చెప్పడానికి ప్రొఫెసరు అవసరం లేదు, జరిగిన పనే సాక్ష్యం చెబుతుందని సుప్రీంకోర్టు 1996లో తీర్పునిచ్చింది. 2010లో మరో హైదరాబాద్ కేసులో ఈ మాటను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లింది. మలేరియా ఉన్న రోగికి టైఫాయిడ్ వైద్యం చేసిన ఆ కేసులో, ప్రతి ఫిర్యాదుకూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి అనడం కుదరదని స్పష్టం చేసింది. క్లిష్టమైన విషయమైతేనే వినియోగదారుల కమిషన్లు నిపుణుడిని అడగాలి.

దీనికి భిన్నంగా, జాగ్రత్తగా చేసినా తప్పని చిక్కులు కొన్ని ఉంటాయి. పిత్తాశయం ఆపరేషన్‌లో పైత్యరస నాళం దెబ్బతినడం అలాంటిది. అనుభవమున్న సర్జన్ చేతిలోనూ అరుదుగా జరుగుతుంది కాబట్టి నాళం తెగిందన్న ఒక్క సంగతి చాలదు. దేన్నీ కోయకముందు ఏ గొట్టం ఎక్కడికి పోతోందో సర్జన్ స్పష్టంగా చూసుకున్నారా, కణజాలం అతుక్కుపోయి ఏదీ తెలియకపోతే పద్ధతి మార్చారా, తర్వాత రోగికి కడుపునొప్పి, కామెర్లు కనబడినప్పుడు ఎన్ని రోజులకు స్పందించారు అని నిపుణులు చూస్తారు. నాళం తెగడాన్ని క్షమించిన నిపుణుడే వారం రోజులు పట్టించుకోకపోవడాన్ని క్షమించకపోవచ్చు.

ఆ తర్వాత మూడో మెట్టు, కారణం. తప్పు జరగకపోయి ఉంటే నష్టం తప్పేదా? న్యూరోసర్జన్ ఉన్నా కాళ్లు చచ్చుబడేవేనని ఆసుపత్రి చూపించగలిగితే పరిహారం దక్కదు. సివిల్ కేసుల్లో నూటికి నూరుపాళ్ల రుజువు అక్కర్లేదు, ఏది జరిగే అవకాశం ఎక్కువన్నది చాలు. రోగి పక్షం నిర్లక్ష్యానికి తగిన ఆధారాలు చూపాక, తాము జాగ్రత్త పాటించామని చెప్పుకోవాల్సిన భారం ఆసుపత్రి మీద పడుతుందని నిజామ్స్ తీర్పు చెప్పింది.

ఆధారాలంటే ముందుగా కేస్ షీట్. రోగి గానీ, రోగి అనుమతి పొందినవారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. ఆపరేషన్ నోట్సు, మత్తు చార్టు, సమ్మతి పత్రం, స్కాన్ ఫిల్ములు కలిపి అడగాలి. డిశ్చార్జి సమ్మరీలో అసలు విషయం ఉండదు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు సాధారణంగా రెండేళ్ల గడువు ఉంటుంది. ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది 2019 చట్టం తర్వాత కోరిన పరిహారాన్ని బట్టి కాకుండా ఆసుపత్రికి చెల్లించిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. 50 లక్షల రూపాయల వరకు జిల్లా కమిషన్‌దే. ఎవరికీ పైసా వసూలు చేయని ఆసుపత్రులు ఈ చట్టం కిందికి రావు. వాటిపై సివిల్ కోర్టుకు వెళ్లాలి.

క్రిమినల్ కేసు దారి వేరు, కొలత ఇంకా పెద్దది. మామూలు పొరపాటు చాలదు, ఏ సామర్థ్యమున్న డాక్టరూ చేయనంతటి తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని జేకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది. పోలీసులు ముందడుగు వేసే ముందు స్వతంత్ర డాక్టరు అభిప్రాయం తీసుకోవాలనీ సూచించింది.

నిజామ్స్ కేసులో జాతీయ కమిషన్ 1999లో సుమారు రూ.15.5 లక్షలు ఇమ్మంది. రెండు పక్షాలూ సుప్రీంకోర్టుకు వెళ్లాయి. మోటారు ప్రమాద కేసుల్లో వాడే లెక్క ఇలాంటి రోగికి సరిపోదని కోర్టు భావించింది. జీవితాంతం కావలసిన సహాయకుడు, నర్సు, ఫిజియోథెరపీ, ముందుముందు వైద్యం, పోయిన సంపాదన, అనుభవించిన బాధ చూసి, 2009 మే 14న కోటి రూపాయలు, దానిపై 1999 మార్చి 1 నుంచి ఏడాదికి 6 శాతం వడ్డీ చెల్లించమని తీర్పునిచ్చింది. ఆపరేషన్ జరిగిన నాటి నుంచి అప్పటికి పద్దెనిమిదేళ్లు దాటాయి.