అడ్డు తొలగితే పనిచేసే జన్యువు

మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా గ్లూకోజ్ దొరికినంతసేపూ దానితోనే కడుపు నింపుకుంటుంది. పాలలో ఉండే లాక్టోజ్‌నూ తినగలదు గానీ, ముందు దాన్ని రెండు ముక్కలు చేయాలి. ఆ పని చేసే ఎంజైము పేరు బీటా గెలాక్టోసైడేజ్. లాక్టోజ్ లేనప్పుడు ఒక్కో కణంలో ఈ ఎంజైము అణువులు నామమాత్రంగా ఉంటాయి. లాక్టోజ్ తప్ప మరో తిండి లేని చోట పెడితే కొద్ది నిమిషాల్లోనే తయారీ మొదలై, ఆ సంఖ్య వేలకు చేరుతుంది. తిండి మారిందని జన్యువుకు ఎవరు చెప్పారు?

1950ల్లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో జాక్ మోనో, ఫ్రాన్స్వా జాకబ్ ఈ ప్రశ్న వెంటపడ్డారు. వాళ్ల చేతిలో ఒక వింత రకం బ్యాక్టీరియా ఉంది. లాక్టోజ్ ఉన్నా లేకున్నా అది ఎంజైమును తయారు చేస్తూనే ఉంటుంది. లోపం ఎంజైమును తయారుచేసే జన్యువులో లేదు, పక్కనే ఉన్న మరో జన్యువులో ఉంది. మొదటిదాన్ని ‘జడ్’ అనీ, రెండోదాన్ని ‘ఐ’ అనీ పిలిచారు. ‘ఐ’ చెడిపోతే ఎంజైము ఎందుకు ఆగకుండా తయారవుతోంది? చెడిపోయిన ‘ఐ’ లాక్టోజ్ లాంటి పదార్థాన్ని లోపలే పుట్టిస్తూ ఉండాలి. లేదా, బాగున్న ‘ఐ’ చేసే పనే ఎంజైము తయారీని అడ్డుకోవడం అయి ఉండాలి. మోనో మొదట్లో మొదటి వాదన వైపే మొగ్గాడు.

అమెరికా నుంచి వచ్చిన ఆర్థర్ పార్డీతో కలిసి వాళ్లు చేసిన ప్రయోగం ఈ చిక్కుముడిని విప్పింది. ఈ.కోలైలో ఒక కణం తన డీఎన్ఏను మరో కణంలోకి పంపగలదు. పంపేదాన్ని మగ, అందుకునేదాన్ని ఆడ అంటారు. మగ కణాల్లో రెండు జన్యువులూ బాగున్నాయి, కానీ లాక్టోజ్ లేదు కాబట్టి ఎంజైము తయారవడం లేదు. ఆడ కణాల్లో రెండూ చెడిపోయాయి, కాబట్టి వాటికి ఎంజైము తయారు చేసే శక్తే లేదు. విడివిడిగా ఏదీ చేయలేని ఈ రెండింటినీ లాక్టోజ్ లేకుండానే కలిపారు.

ఎంజైము తయారైందో లేదో తెలుసుకోవడానికి ఓఎన్‌పీజీ అనే రంగులేని పదార్థం వాడతారు. ఎంజైము దాన్ని కోస్తే ద్రావణం పసుపురంగుకు తిరుగుతుంది. ఎంత పసుపైతే అంత ఎంజైము ఉన్నట్టు. మగ డీఎన్ఏ ఆడ కణంలోకి వెళ్లిన కొద్ది నిమిషాలకే ఎంజైము పుట్టడం మొదలైంది. అది అలాగే సాగి, గంటో గంటన్నరో గడిచాక ఆగిపోయింది. అప్పుడు లాక్టోజ్ లాంటి ప్రేరకాన్ని కలిపితే మళ్లీ మొదలైంది.

ఆ ఆగిపోవడంలోనే జవాబుంది. ఆడ కణంలో మొదట అడ్డుపెట్టేదేదీ లేదు, అందుకే కొత్తగా వచ్చిన ‘జడ్’ వెంటనే పని అందుకుంది. దాంతోపాటే వచ్చిన ‘ఐ’ నెమ్మదిగా ఏదో పదార్థాన్ని పోగుచేసింది. అది తగినంత కాగానే తయారీకి అడ్డుపడింది. అంటే ప్రేరకం జన్యువును తట్టిలేపడం లేదు, దానికున్న అడ్డును తీస్తోంది. ఆ అడ్డుకు రిప్రెసర్ అని పేరు పెట్టారు.

జడ్, దాని పక్కన వరుసగా ఉన్న మరో రెండు జన్యువులు ఒకే ఆర్ఎన్ఏగా నకలవుతాయి. వీటి మొదట్లో ఒపరేటర్ అనే చిన్న డీఎన్ఏ ముక్క ఉంటుంది. ఈ మొత్తం అమరికే లాక్ ఒపెరాన్. రిప్రెసర్ ఒపరేటర్‌ను పట్టుకుని ఉంటే నకలు మొదలవదు. ప్రేరకం వచ్చి రిప్రెసర్‌కు అతుక్కుంటే దాని ఆకారం మారి పట్టు సడలుతుంది. కణానికి పదో పాతికో రిప్రెసర్లు చాలు. ఇంత తక్కువ ఉండటం వల్లే దాన్ని వేరుచేయడం కష్టమైంది. 1961లో జాకబ్, మోనో దాన్ని ఆర్ఎన్ఏ కావచ్చని ఊహించారు. 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్‌హిల్ దాన్ని పట్టుకుని, ప్రోటీను అని తేల్చారు.

ఇక్కడ నన్ను బాగా ఆకట్టుకునే మెలిక ఒకటుంది. లాక్టోజ్ లోపలికి రావడానికి పర్మియేజ్ అనే ప్రోటీను కావాలి. దాని జన్యువు ఈ వరుసలోదే. పైగా అసలు ప్రేరకం లాక్టోజ్ కాదు, దాన్ని కొద్దిగా మార్చగా వచ్చే అల్లోలాక్టోజ్. ఆ మార్పు చేసేదీ బీటా గెలాక్టోసైడేజే. మరి అడ్డు ఉండగా మొదటి అణువు ఎలా వస్తుంది? రిప్రెసర్ అప్పుడప్పుడూ తనంతట తానే జారిపోతుంది. ఆ కాస్త సందులో పుట్టిన నాలుగైదు ఎంజైములే మొదటి లాక్టోజ్‌ను అందుకుంటాయి. అడ్డు పూర్తి బిగువుగా ఉంటే ఈ బ్యాక్టీరియా లాక్టోజ్ ఉందని ఎన్నటికీ గుర్తించలేదు.

అయితే అడ్డు తొలగడమొక్కటే సరిపోదు. గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ ఉంటే బ్యాక్టీరియా ముందు గ్లూకోజ్‌నే ఖర్చు చేస్తుంది. గ్లూకోజ్ ఉన్నంతసేపూ లాక్టోజ్ లోపలికి రావడం తగ్గుతుంది. అది అయిపోయాక సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరిగి, క్యాప్ అనే ప్రోటీనుకు అతుక్కుంటుంది. ఆ జంట ఒపెరాన్ పక్కన డీఎన్ఏ మీద కూర్చుని నకలును వేగవంతం చేస్తుంది. ఇది అడ్డు తీయడం కాదు, ముందుకు తోయడం.