లోగో అదే, ఫొటోలు అవే... సైటు మాత్రం వేరే

పండగ దగ్గర పడితే ఫోన్‌లో ఇలాంటి ప్రకటన ఒకటి కనిపిస్తుంది. పేరున్న పట్టుచీరల షోరూమ్, స్టాక్ క్లియరెన్స్, 18,000 రూపాయల చీర 1,499కే. నొక్కితే తెరుచుకునే పేజీలో లోగో అదే, చీరల ఫొటోలు అవే. ఇవన్నీ అసలు సైటు నుంచి దించుకోవడం చాలా తేలిక. అందుకే పేజీ ఎలా ఉందన్నది పక్కన పెట్టి, దాని వెనక ఉన్నదెవరో చూడాలి.

అపోహ: అడ్రస్‌లో బ్రాండ్ పేరుంది కాబట్టి అది వాళ్ల సైటే.

ఆ షోరూమ్ అసలు సైటు brand.com అనుకుందాం. ప్రకటన నొక్కితే వచ్చిన అడ్రస్ ఇది:

```
https://brand.com.diwali-sale.shop/silk
```

ఫోన్‌లో అడ్రస్ పూర్తిగా కనబడకపోతే దాని మీద నొక్కండి. https:// తర్వాత వచ్చే మొదటి / గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమవైపుకి చదవండి. మొదట shop, దాని ముందు diwali-sale. ఈ రెండూ కలిపితే వచ్చేదే ఎవరో డబ్బు కట్టి తీసుకున్న అసలు డొమైన్. దానికి ఎడమన ఆ డొమైన్ యజమాని ఏ పేరైనా తగిలించుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి ఇక్కడ brand.com అన్న మాటకు విలువే లేదు. brand-sale.com అని ఉన్నా అంతే, అది brand.com కాదు. చివర .co.in ఉంటే మాత్రం ఆ రెండు ముక్కలనూ ఒకటిగా తీసుకుని, వాటి ముందున్న మాట చూడాలి.

ఇప్పుడు lookup.icann.org తెరిచి diwali-sale.shop అని కొట్టండి. .in డొమైన్లకైతే registry.in ఉంది. యజమాని పేరు చాలాసార్లు దాచి ఉంటుంది గానీ, డొమైన్ పుట్టిన తేదీ మాత్రం కనిపిస్తుంది. ముప్పై ఏళ్లుగా నడుస్తున్న షోరూమ్ సైటు పన్నెండు రోజుల కిందట పుట్టిందంటే ఇక ఆలోచించాల్సిన పని లేదు. అయితే తేదీ పాతదైనంత మాత్రాన నమ్మకూడదు. పాత డొమైన్లు కొనుక్కునే మోసగాళ్లూ ఉన్నారు.

అపోహ: తాళం గుర్తుంటే భద్రమే.

మీ ఫోన్‌కీ ఆ సైటుకీ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే ఆ తాళం చెబుతుంది. అవతలున్నది దొంగా దొరా అన్నది దానికి తెలియదు. ఆ సర్టిఫికెట్ నిమిషాల్లో, ఉచితంగా దొరుకుతుంది. జనం దీన్ని అపార్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ బ్రౌజర్ అడ్రస్ పక్క నుంచి తాళం గుర్తునే తీసేసింది.

అపోహ: పేజీ కింద చిరునామా, ఫోన్, జీఎస్టీ నంబర్ అన్నీ ఇచ్చారు కదా.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ దుకాణం తన చట్టబద్ధమైన పేరు, కార్యాలయం చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు సైటులో పెట్టాలి. ఒక వాట్సాప్ నంబరు, ఒక జీమెయిల్ తప్ప ఇంకేమీ లేని సైటును అక్కడే వదిలేయండి.

వివరాలు ఉన్నా పరీక్షించాలి. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. చిరునామా హైదరాబాద్‌దై, నంబరు వేరే రాష్ట్రంతో మొదలైతే కారణమేంటో అడగాలి. gst.gov.in లో లాగిన్ కాకుండానే ఆ నంబరు వెతికితే సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ అమల్లో ఉందా రద్దయిందా అన్నది తెలుస్తుంది.

తెలివైన మోసగాడు అసలు షోరూమ్ జీఎస్టీ నంబరునే తెచ్చి పెడతాడు. అప్పుడు వెతికితే పేరు సరిగ్గానే వస్తుంది. అతను దాటడం కష్టమైన చోటు డబ్బు కట్టే దగ్గరుంది. యూపీఐ పిన్ కొట్టే ముందు డబ్బు అందుకునేవారి పేరు, బ్యాంకులో ఉన్నది ఉన్నట్టుగా, స్క్రీన్ మీద కనిపిస్తుంది. అక్కడ సంస్థ పేరు గానీ, తెలిసిన పేమెంట్ గేట్‌వే పేరు గానీ ఉండాలి. ఎవరో వ్యక్తి పేరు వస్తే వెనక్కి వచ్చేయండి. కార్డు ఆప్షన్ ఉన్నట్టే చూపించి, నొక్కితే పనిచేయక క్యూఆర్ కోడ్ దగ్గరికి తోస్తున్నా అంతే. కార్డుతో కడితే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగే వీలుంటుంది, అది మోసగాడికి ఇష్టం ఉండదు.

అపోహ: క్యాష్ ఆన్ డెలివరీ అయితే మోసానికి ఆస్కారం లేదు.

చాలామంది పడిపోయేది ఇక్కడే. కొరియర్ కుర్రాడు సాధారణంగా డబ్బు చేతిలో పడ్డాకే ప్యాకెట్ ఇస్తాడు. విప్పి చూస్తే చవక నైలాన్ చీరో, పాత గుడ్డో ఉంటుంది. అతన్ని నిలదీసి లాభం లేదు, అతను చేర్చేవాడే. ప్యాకెట్ మీద పంపినవారి పేరు చదవండి. అది మీరు ఆర్డరిచ్చిన షోరూమ్ కాకపోతే డబ్బివ్వకుండా తిప్పి పంపండి.

ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే, వాట్సాప్‌లో బతిమాలుతూ కూర్చోకండి. వెంటనే 1930కి ఫోన్ చేసి, లావాదేవీ నంబరు చెప్పి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. మోసగాళ్లు డబ్బును బయటికి తీసేసేలోపు సమాచారం అందితేనే బ్యాంకులు దాన్ని ఆపగలుగుతాయి.